ఫోన్‌కి తెలుగులో చెప్పి రాయించడం: మా షాపులో అందరూ అడిగే ప్రశ్నలు

తహసీల్దారు ఆఫీసు ఎదురుగా మాకో చిన్న జిరాక్స్, టైపింగ్ షాపు ఉంది. అర్జీలు, లెటర్లు, సంజాయిషీలు, అప్పుడప్పుడు పెళ్ళి కార్డుల మ్యాటరు, ఇవే మా పని. ఇదివరకు అంతా కీబోర్డు మీద కొట్టేదాన్ని. మెడనొప్పి మొదలయ్యాక నోటితో చెప్పి రాయించడం నేర్చుకున్నాను. అది చూసి షాపుకి వచ్చేవాళ్ళు కూడా తమ ఫోన్లు ముందు పెట్టి అడగడం మొదలుపెట్టారు. పదే పదే వచ్చే ప్రశ్నలకి జవాబులు ఒకచోట రాసిపెడితే నాకూ కొంత గొంతు మిగులుతుందని ఇది రాస్తున్నాను. ఎక్కువగా ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్ కీబోర్డు (తెర మీద పేరు Gboard), కంప్యూటర్లో గూగుల్ డాక్స్ గురించే చెబుతాను. నేను రోజూ వాడేవి అవే.

మైకు నొక్కి మాట్లాడితే అక్షరాలు రావడం లేదు, నా గొంతే అవతలివాళ్ళకి వెళ్ళిపోతోంది. ఎందుకు?

వాట్సాప్‌లో మైకు బొమ్మలు రెండు ఉంటాయి. మెసేజ్ రాసే పెట్టె పక్కన గుండ్రంగా ఉండేది వాయిస్ మెసేజ్ పంపడానికి. మనకి కావలసింది కీబోర్డు తెరుచుకున్నాక దాని పై వరసలో, సాధారణంగా కుడిచివర, చిన్నగా కనబడేది. రాసే పెట్టెలో ఒకసారి వేలు పెడితేనే కీబోర్డు పైకి వస్తుంది, దానితో పాటే ఆ మైకూ వస్తుంది. పెద్దవాళ్ళు నూటికి తొంభైమంది పొరపడేది ఇక్కడే. ఒక పెద్దాయన అర్జీ మొత్తం చెప్పి చూసుకుంటే అది వాళ్ళ వియ్యపురాలికి వాయిస్ మెసేజ్‌గా చేరింది.

తెలుగులో చెబుతుంటే ఏవేవో ఇంగ్లీషు ముక్కలు పడుతున్నాయి.

కీబోర్డు ఆ సమయానికి ఇంగ్లీషులో ఉందన్నమాట. మైకు ఏ భాషలో వింటుందో కీబోర్డు భాషే నిర్ణయిస్తుంది. స్పేస్ బారు మీద ఏ భాష పేరు ఉందో చూడండి. తెలుగు లేకపోతే కీబోర్డు సెట్టింగ్స్‌లో Languages లోకి వెళ్ళి, Add keyboard నొక్కి తెలుగు ఎంచుకోండి. ఆ తర్వాత భూగోళం బొమ్మ నొక్కినప్పుడల్లా భాష మారుతుంది. గూగుల్ 2017 ఆగస్టులోనే తెలుగుకి వాయిస్ టైపింగ్ ఇచ్చింది కాబట్టి మరీ పాత ఫోన్ అయితే తప్ప ఈ సౌకర్యం ఉండే ఉంటుంది.

కంప్యూటర్లో అయితే క్రోమ్ బ్రౌజర్లో గూగుల్ డాక్స్ తెరిచి Tools మెనూలో Voice typing నొక్కండి, లేదా `Ctrl+Shift+S` కొట్టండి. పక్కన వచ్చే మైకు బొమ్మ మీద భాష పేరు ఉంటుంది, దాన్ని తెలుగుకి మార్చాలి.

నేను స్పష్టంగానే మాట్లాడుతున్నాను. అయినా తప్పులు ఎందుకు వస్తున్నాయి?

స్పష్టంగా అంటే చాలామంది గట్టిగా అనుకుంటారు. గొంతు పెంచితే పెద్ద ఉపయోగం లేదు. తెలుగులో మాట అర్థం ఎక్కువగా మారిపోయేది రెండు చోట్ల: దీర్ఘం దగ్గర, ద్విత్వం దగ్గర. తొందరలో మనం నమిలేసేవి కూడా సరిగ్గా ఆ రెండే. మేడ మీద అంటే డాబా పైన, మెడ మీద అంటే గొంతు వెనక. కాలం, కలం. చేత, చెత్త. ఎదురుగా ఉన్న మనిషైతే మన ముఖం చూసి సర్దుకుంటాడు. ఫోన్‌కి ఆ ఆధారం లేదు, చెవిన పడిందీ, చుట్టుపక్కల మాటలూ, అంతే.

అన్నిటికన్నా ప్రమాదం క్రియ చివర ఉంది. ఒక చిన్నాన్నగారు కరెంటు ఆఫీసుకి లెటరు చెప్పుకున్నారు, తన ఫోన్‌లోనే. బిల్లు కట్టాను అని చెప్పారు. ప్రింటు కోసం నాకు పంపింది చూస్తే ‘గడువు లోపలే బిల్లు కట్టను’ అని ఉంది. ఒక్క దీర్ఘం పోయింది, కట్టినవాడు మొండికేసినవాడైపోయాడు. పంపాను, పంపను. వెళ్ళాను, వెళ్ళను. చెప్పాను, చెప్పను. ఒప్పుకున్న మాటకీ కాదన్న మాటకీ మధ్య ఉన్నది ఆ ‘ఆ’ ఒక్కటే. పైగా రెండూ సరైన మాటలే కాబట్టి కింద ఎర్రగీత కూడా పడదు.

అందుకని మా షాపులో నేను చెప్పేది ఒకటే. వాక్యం మొదట్లో ఎలా మాట్లాడినా పరవాలేదు, చివర క్రియ దగ్గరికి వచ్చేసరికి వేగం తగ్గించండి. మనకి అలవాటు దీనికి సరిగ్గా తలకిందులు. ఊపిరి అయిపోతుంటుంది, మాట చివర గొంతు పడిపోతుంది, ‘కట్టాను’లో ‘ను’ అసలు వినబడదు. సగం చెప్పాక ఊపిరి తీసుకుని మిగతా సగం చెప్పండి. ‘కట్‌టా…ను’ అని సాగదీయక్కర్లేదు. దీర్ఘాన్ని దీర్ఘంగా, ‘ట్ట’ని ఒత్తి, చివరి ‘ను’ని పూర్తిగా పలికితే చాలు. అవసరమైతే మాటే మార్చేయండి. ‘కట్టాను’ బదులు ‘చెల్లించాను’ అంటే దాని వ్యతిరేకం ‘చెల్లించను’ అయినా, ‘చెల్లించి ఉన్నాను’ అంటే ఇంక పొరపాటుకి చోటే లేదు. ఆఫీసు లెటర్లలో ఆ వాడుక ఎలాగూ ఉన్నదే.

అయితే ఒక్కో మాటా ఆపి ఆపి చెప్పాలా?

వద్దు. అది ఇంకా పాడుచేస్తుంది. వాయిస్ టైపింగ్ ఒక్కో మాటనీ విడిగా తూచదు, ముందు వెనక మాటలతో కలిపి చూసుకుంటుంది. మీరు మాట్లాడుతుంటే తెర మీద గమనించండి, ఇప్పుడే పడిన మాట రెండు క్షణాల్లో తనంతట తనే మారిపోతుంది. తర్వాతి మాట విన్నాక ముందుది సరిచేసుకుందన్నమాట. ‘కల’ అని ఒక్కటే అంటే అది కలో కళో దానికి తెలిసే దారి లేదు. ‘రాత్రి నాకొక కల వచ్చింది’ అంటే తెలుస్తుంది. అక్షరం అక్షరం విడదీసి ‘రా… మా… ల… యం’ అంటే నాలుగు ముక్కలు నాలుగు చోట్ల పడతాయి.

ఐదు నుంచి ఎనిమిది మాటల గుత్తి ఒక్క ఊపిరిలో చెప్పి, చిన్నగా ఆగి, తర్వాతి గుత్తి అందుకోవడం నాకు బాగా కుదిరింది. పక్కింటావిడకి కూర ఎలా చేయాలో చెప్పే వేగం అనుకోండి. ఒక్కటి మాత్రం చూసుకోవాలి. మాటల్లో మనం సంధి తెగ చేసేస్తాం. ‘వాళ్ళింటికెళ్ళొచ్చాను’ అన్నది ఒకే మాటగా బయటికి వస్తుంది. దాన్ని ‘వాళ్ళ ఇంటికి వెళ్ళి వచ్చాను’ అని విప్పి చెబితే తప్పులు సగానికి సగం తగ్గుతాయి.

భ, ధ, శ లాంటివి ఒత్తి పలకాలా?

మరీ ప్రాణం పెట్టి పలకక్కర్లేదు. ‘బూమి’ అన్నా చాలాసార్లు ‘భూమి’ అనే రాస్తుంది, ఎందుకంటే జనం రాసేది భూమి అని. స్పెల్లింగు అది వాడుకలోంచి తీసుకుంటుంది, మన నాలుకలోంచి కాదు. ఆ మేరకు ఇది మా తెలుగు మాస్టారికంటే దయగలదే. చిక్కల్లా వాడుకలో రెండు రూపాలూ ఉన్న మాటలతోనే, ముఖ్యంగా మనుషుల పేర్లతో. దాని సంగతి కింద చెప్పాను.

మా యాసలో చెబితే అర్థం చేసుకుంటుందా?

కొంత. ‘పోతున్నా’, ‘చేస్తున్నరు’ లాంటివి వచ్చేస్తాయి, లేకపోతే తనే ‘చేస్తున్నారు’గా మార్చేస్తుంది. ‘గట్లనే’, ‘యాడికి’, ‘ఏటి’ లాంటి వాటితో ఒక్కోరోజు ఒక్కోలా ఉంటుంది. అర్జీ రాస్తుంటే ఎలాగూ రాతభాషే వాడతాం కాబట్టి ఇబ్బంది లేదు. కథో, ఊరి కబుర్లో రాసుకునేవాళ్ళు మాత్రం యాస మాటల్ని తర్వాత చేత్తో పెట్టుకోవడం మేలు. ఫోన్ కోసం మీ మాట మార్చుకుని అది కథలో అలాగే ఉండిపోతే చదివేవాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది.

‘ఫుల్‌స్టాప్’ అంటే చుక్క పెట్టకుండా ‘ఫుల్ స్టాప్’ అని అక్షరాలే రాస్తోంది. ఏం చేయాలి?

ఇది అందరి ఫిర్యాదూ. ఇంగ్లీషులో comma, full stop, question mark, new line అంటే గుర్తులే పడతాయి. తెలుగుకి అలా పడతాయన్న భరోసా లేదు. గూగుల్ డాక్స్ సహాయ పేజీలో విరామ చిహ్నాలు నోటితో చెప్పగలిగే భాషల జాబితా ఒకటి ఇచ్చారు, నేను చూసినప్పుడు అందులో ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్ లాంటివి కొన్నే ఉన్నాయి, తెలుగు లేదు. ముందు మీ ఫోన్‌లో ఒక నిమిషం పరీక్ష చేసుకోండి. ‘అన్నం వండాను కామా కూర చేశాను ఫుల్‌స్టాప్’ అని చెప్పి చూడండి. గుర్తులు పడితే అదృష్టవంతులు, ఈ జవాబు వదిలేయండి.

పడకపోతే రెండు దారులు. చిన్న మెసేజ్ అయితే వాక్యం చెప్పడం, చుక్క చేత్తో నొక్కడం. కొన్ని ఫోన్లలో చుక్క నొక్కగానే మైకు ఆగిపోతుంది, మళ్ళీ నొక్కుకోవాలి. మూడు వాక్యాలకి ఇది చాలు.

పేజీల కొద్దీ చెప్పేవాళ్ళకి నాదొక పద్ధతి ఉంది. గుర్తుకి బదులు ఒక మారుమాట చెబుతాను, అంతా అయ్యాక ఆ మాటల్ని ఒక్కసారిగా గుర్తులుగా మార్చేస్తాను. ఫుల్‌స్టాప్‌కి నెమలి, కామాకి కొబ్బరి. మొదట్లో ‘ఫుల్‌స్టాప్’ అనే చెప్పి తర్వాత మార్చుకుందామనుకున్నాను. అది ఒకసారి ఫుల్ స్టాప్, ఒకసారి ఫుల్‌స్టాప్, ఇంకోసారి ఇంగ్లీషు అక్షరాల్లో రాసేది. వెతికితే సగం దొరికేవి కావు. మారుమాట అనేది ఎప్పుడు చెప్పినా ఒకేలా పడాలి. అంటే చిన్నపిల్లలకి కూడా తెలిసిన తెలుగు మాటై ఉండాలి, దానిలాగే వినబడే ఇంకో మాట ఉండకూడదు, మీరు రాసే విషయంలో అది రాకూడదు. ‘చుక్క’ పనికిరాదు, చెక్క, ముక్క, కుక్క అన్నీ దానికి చుట్టాలే.

ఆఖరి షరతు నేను దెబ్బతిని నేర్చుకున్నాను. గాలివానకి కూలిన కొబ్బరి చెట్లకి పరిహారం అడుగుతూ ఒకాయన అర్జీ చెప్పారు. మార్చడం అయ్యాక చూస్తే ‘నా, చెట్లు పన్నెండు పడిపోయాయి’ అని ఉంది. ఆ రోజు కామాకి వేరే మాట పెట్టుకుని ఉండాల్సింది.

ఆ పద్ధతి ఒక లెటరుతో మొదటినుంచీ చూపిస్తారా?

పైన చెప్పిన కరెంటు బిల్లు లెటరే తీసుకుందాం. నెమలి, కొబ్బరి కాకుండా మూడో మాట ఒకటి పెట్టుకున్నాను, గుమ్మడి. చేత్తో నింపాల్సిన ఖాళీకి అది గుర్తు. సర్వీసు నంబరు, బిల్లు మొత్తం లాంటివి నోటితో చెప్పను. ముందు పెన్నుతో కాగితం మీద నాలుగు ముక్కల్లో విషయం రాసుకున్నాం: మామూలు బిల్లు ఎంత, ఈసారి ఎంత, కట్టారా, ఏం కావాలి. తర్వాత మైకు నొక్కి చెబితే తెర మీద ఇలా పడింది.

```
గౌరవనీయులైన అసిస్టెంట్ ఇంజనీర్ గారికి కొబ్బరి
నా ఇంటి మీటరు సర్వీసు నంబరు గుమ్మడి నెమలి ప్రతి
నెలా ఆరు వందల లోపు వచ్చే బిల్లు కొబ్బరి జూన్ నెలలో
గుమ్మడి రూపాయలు వచ్చింది నెమలి గడువు లోపలే బిల్లు
కట్టను కొబ్బరి రసీదు జత చేశాను నెమలి మీటరు ఒకసారి
పరీక్ష చేయించి కొబ్బరి తేడా ఉంటే వచ్చే నెల బిల్లులో
సర్దవలసిందిగా కోరుతున్నాను నెమలి
```

ఇప్పుడు దీన్ని గూగుల్ డాక్స్‌లోకో వర్డ్‌లోకో తీసుకెళ్ళి `Ctrl+H` కొట్టాలి. వెతికే గడిలో ముందు ఒక స్పేస్ కొట్టి, ఆ తర్వాత నెమలి అని రాయాలి. మార్చే గడిలో ఒక్క చుక్క పెట్టి Replace all, అంటే ‘అన్నీ మార్చు’, నొక్కాలి. ఆ ముందు స్పేస్ మరిచిపోతే ‘వచ్చింది .’ అని చుక్క దూరంగా నిలబడుతుంది. కొబ్బరికీ ఇలాగే. మారుస్తున్నప్పుడు ఎన్ని మార్చిందో, లేదా ఎన్ని దొరికాయో ఒక అంకె చూపిస్తుంది, దాన్ని చూడకుండా మూసేయకండి. మనం చెప్పినవి నాలుగు వాక్యాలు. నెమళ్ళు నాలుగు వస్తే సరే. మూడే వస్తే ఒకదాన్ని అది వేరేలా విన్నదని అర్థం, ఎక్కడో రెండు వాక్యాలు అతుక్కుపోయి ఉంటాయి. ఇక్కడ నాలుగు నెమళ్ళు, నాలుగు కొబ్బరికాయలు, రెండు గుమ్మడికాయలు, లెక్క సరిపోయింది. గుమ్మడి దగ్గర మాత్రం ‘అన్నీ మార్చు’ నొక్కకండి. ఒక్కోదాని దగ్గర ఆగి, బిల్లు కాగితం చూస్తూ, అంకె వేయండి.

మిగిలింది ‘కట్టను’. నేనైతే వాక్యాల చివర్లు మాత్రమే వరసగా చూసుకుంటూ వస్తాను: నంబరు, వచ్చింది, కట్టను, చేశాను, కోరుతున్నాను. ఐదు మాటలు చూడటానికి ఐదు క్షణాలు. అక్కడే దొరికిపోతుంది.

కొత్త పేరాకి కూడా ఒక మారుమాట పెట్టుకోవచ్చు. వర్డ్‌లో మార్చే గడిలో `^p` రాస్తే అక్కడ పేరా విరుగుతుంది. నాకు మాత్రం ఎంటర్ కొట్టడమే తేలిక.

ప్రశ్న గుర్తు సంగతి?

దానికి మారుమాట పెట్టుకోవచ్చు, కానీ అర్జీల్లో ఎన్ని ప్రశ్నలు ఉంటాయి గనక? చేత్తో పెట్టేయండి. చూసుకోవలసింది గుర్తు కన్నా మాట చివరి అక్షరం. తెలుగులో అవునా కాదా అని అడిగే ప్రశ్న ఆ దీర్ఘంలోనే ఉంటుంది: వచ్చారు, వచ్చారా. ‘డబ్బులు అందాయా’ అని అడిగితే ‘డబ్బులు అందాయి’ అని పడి, అది అలాగే వెళ్ళిపోతే అవతలివాళ్ళు జవాబు కూడా ఇవ్వరు.

ఇంగ్లీషులో చెప్పేటప్పుడు ఏమైనా జాగ్రత్తలున్నాయా?

భాష English (India) పెట్టుకోండి, మన ఉచ్చారణకి అది దగ్గర. గుర్తులు నోటితోనే చెప్పవచ్చు. ఒక తమాషా ఉంది, full stop అన్నా period అన్నా చుక్కే పడుతుంది. మా దగ్గరికి వచ్చే టీచరమ్మ సెలవు చీటీలో ‘ఫస్ట్ పీరియడ్ తర్వాత’ అని ఇంగ్లీషులో చెబితే ఫస్ట్ తర్వాత చుక్క పడి వాక్యం అక్కడే ఆగిపోయింది. అలాంటి మాట వచ్చినప్పుడు దాన్ని వదిలేసి తర్వాత చేత్తో రాయడమే.

అంకెలు, ఫోన్ నంబర్లు చెప్పవచ్చా?

చెప్పవచ్చు, నేను చెప్పను. ‘రెండు వేల పదిహేను’ అంటే ఒకసారి 2015 అని, ఒకసారి అక్షరాల్లో వస్తుంది. ‘పదిహేను వందలు’ అంటే 15 వందలు అని పడవచ్చు. అక్షరాల్లో తప్పు పడితే చదివేవాడు ఊహించుకుంటాడు, అంకెలో తప్పు పడితే ఎవరూ పట్టుకోలేరు. సర్వే నంబరు 112/3 లాంటివి అయితే ఆ గీత ఎక్కడ పడుతుందో దేవుడికే తెలియాలి. గుమ్మడి అనండి, తర్వాత కాగితం చూసి వేయండి.

మా ఇంటిపేరు ఎన్నిసార్లు చెప్పినా తప్పే రాస్తోంది.

వాడుకలో ఎక్కువ కనబడని మాటని అది తనకి తెలిసిన దగ్గరి మాటగా మార్చేసుకుంటుంది. ఇంకా గట్టిగా చెప్పినా లాభం లేదు. ఊరి పేర్లకీ ఇదే తిప్పలు. పేరు ఒక్కసారే వస్తే గుమ్మడి. ఒకే పేరు పదిసార్లు వచ్చే కాగితం అయితే, ఉదాహరణకి వాటాల ఒప్పందం, పెద్దబ్బాయికి తమలపాకు, రెండోవాడికి మందారం అని పెట్టుకుని చివర్లో పేర్లుగా మార్చేస్తాను. అన్నిచోట్లా స్పెల్లింగు ఒకేలా ఉంటుంది, అది ఇంకో లాభం. రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఒకచోట ‘శ్రీనివాసరావు’, ఇంకోచోట ‘శ్రీనివాస్ రావు’ అని ఉంటే ఎంత తలనొప్పో పడినవాళ్ళకి తెలుసు. ఇలా చెప్పించుకున్నప్పుడు ‘తమలపాకుకి’, ‘మందారంతో’ అని విభక్తి కూడా అంటుకుంటుంది, మార్చాక ఆ అతుకులు ఒకసారి చూసుకోవాలి.

ఫోన్ ఎంత దూరంలో పట్టుకోవాలి? ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే మంచిదా?

జానెడు దూరం చాలు. చాలా ఫోన్లలో మైకు రంధ్రం కింద అంచున, ఛార్జింగు పెట్టే చోటు పక్కన ఉంటుంది. పట్టుకున్నప్పుడు చిటికెనవేలు దాన్ని మూసేస్తోందేమో చూడండి. కొత్త కవరు వేసినప్పటినుంచీ తప్పులు ఎక్కువయ్యాయంటే కవరు తీసి చూడండి. నోటికి సూటిగా కాకుండా కొంచెం పక్కకి పెట్టుకుంటే ప, ఫ, భ పలికినప్పుడు ఊపిరి మైకుకి కొట్టదు. సీలింగు ఫ్యాను కింద కూర్చుంటే గాలి నేరుగా తగలకుండా చూసుకోండి.

ఫ్యాను చప్పుడుని అది కొంతవరకు సర్దుకుంటుంది, పక్కనుంచి ఇంకో మనిషి గొంతు వస్తే మాత్రం సర్దుకోలేదు. మా షాపులో టీవీ వార్తలు నడుస్తుంటే ఒక సంజాయిషీలో వాతావరణ సూచన చేరిపోయింది. ఇయర్‌ఫోన్ అయితే వైరుదే నాకు నచ్చుతుంది, మైకు చొక్కా కాలరుకి రాసుకోకుండా చూసుకుంటే చాలు. బ్లూటూత్‌వి పాట వినడానికి బాగున్నా, మైకు వాడేటప్పుడు చాలావాటిలో శబ్దం నాణ్యత తగ్గిపోతుంది.

తప్పు మైకుదా మన మాటదా అని తేల్చుకోవడానికి సులువైన మార్గం ఉంది. అదే చోట కూర్చుని, అలాగే ఫోన్ పట్టుకుని, వాయిస్ రికార్డరులో నాలుగు వాక్యాలు చెప్పి వినండి. మీకే మాట చివర్లు వినబడకపోతే ఫోన్‌ని తిట్టి లాభం లేదు.

మధ్యలో మైకు దానంతట అదే ఆగిపోతోంది.

మీరు ఆలోచిస్తూ మౌనంగా ఉంటే అయిపోయిందనుకుని ఆపేస్తుంది. అందుకే ముందు కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోమన్నాను. కంప్యూటర్లో డాక్స్ నుంచి వేరే ట్యాబుకి వెళ్ళినా వినడం ఆగిపోతుంది. మాటలు ఆలస్యంగా పడుతూ సగంలో మాయమవుతుంటే నెట్ చూడండి. కీబోర్డు సెట్టింగ్స్‌లో Voice typing దగ్గర నెట్ లేకుండా పనిచేసే భాషల జాబితా ఉంటుంది. అందులో తెలుగు కనబడకపోతే సిగ్నల్ లేని చోట మీకు ఇది పనిచేయదు.

తప్పు పడగానే దిద్దాలా, చివర్లోనా?

చివర్లో. మధ్యలో ఆపితే వాక్యం తెగుతుంది, దాని తర్వాతి మాటకి ఆసరా పోతుంది, మళ్ళీ తప్పు పడుతుంది. పైగా ఇందాక చెప్పినట్టు కొన్ని తప్పులు తనే దిద్దుకుంటుంది, దానికి రెండు క్షణాలు ఇవ్వండి. అంతా అయ్యాక తప్పున్న మాట ఒక్కటే చెరిపి ఆ ఒక్కటే మళ్ళీ చెబితే చాలాసార్లు అదే తప్పు మళ్ళీ వస్తుంది. దాని చుట్టూ నాలుగైదు మాటలు చెరిపి గుత్తిగా చెప్పండి. రెండోసారీ రాకపోతే చేత్తో రాసేయండి. మూడోసారి చెప్పేవాళ్ళు గొంతు పెంచుతారు, షాపులో మిగతావాళ్ళు తిరిగి చూస్తారు.

మీకు పదే పదే వచ్చే తప్పుల్ని గోడ మీద ఒక చీటీలో రాసుకోండి. నా చీటీలో పది కూడా లేవు. ‘జత పరచడమైనది’ ఎప్పుడూ చీలిపోయేది, ‘జత చేశాను’కి మారాను, సమస్య పోయింది.

డాక్స్‌లో చక్కగా ఉన్న తెలుగు పేజ్‌మేకర్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తున్నాయి.

ఇది కార్డులు, కరపత్రాలు వేసేవాళ్ళ ప్రశ్న. వాయిస్ టైపింగ్ ఇచ్చేది యూనికోడ్ తెలుగు, అంటే ఫోన్లలో, నెట్‌లో అందరూ వాడే అక్షరాలు. పేజ్‌మేకర్‌లో తెలుగుకి వాడే అను ఫాంట్లు యూనికోడ్‌వి కావు. నేరుగా అతికిస్తే కుదరదు, మధ్యలో కన్వర్టరు వేసి మార్చుకోవాలి. మార్చాక వట్రసుడి, ర ఒత్తు, పొల్లు ఉన్న మాటలు ప్రత్యేకంగా చూడండి, మా దగ్గర చెదిరేవి ఎక్కువగా అవే. నెమలి, కొబ్బరి మార్చడం మాత్రం కన్వర్టరు వేయకముందే పూర్తి చేసుకోండి. తర్వాత వెతికితే ఆ మాటలు దొరకవు.

ఇది వాడుతూ ఏం చెప్పకూడదు?

ఓటీపీ, పిన్, ఆధార్ నంబరు. నెట్ మీద పనిచేస్తున్నప్పుడు మీ గొంతు ఫోన్ దాటి వెళుతుంది, అదొకటి. అంతకన్నా ముందు, మా షాపులో బెంచీ మీద కూర్చున్న ఆరుగురూ వింటారు. మొన్న ఒకమ్మాయి విడాకుల నోటీసుకి జవాబు చెప్పుకుంటూ ఉంటే బెంచీ అంతా నిశ్శబ్దమైపోయింది. కుర్చీ, కీబోర్డు ఆమెకిచ్చి, నేను టీ తాగడానికి బయటికి వెళ్ళాను.